జూలియెన్, బ్రున్వాజ్, షిఫనాడ్: కొలత తప్పేది మొదటి పలక దగ్గరే

ప్రశ్న: "ప్రాక్టికల్‌లో క్యారెట్ జూలియెన్ 50 గ్రాములు, బ్రున్వాజ్ 50 గ్రాములు, బేసిల్ ఆకుతో షిఫనాడ్ ఇచ్చారు. జూలియెన్ 3 మిల్లీమీటర్లే అనుకున్నాను, కానీ కొలతలు సరిగ్గా లేవని మార్కులు తగ్గించారు. బ్రున్వాజ్ ఇంకా ఘోరం అన్నారు. షిఫనాడ్ ట్రేలో పెట్టేసరికి అంచులు నల్లబడ్డాయి. వచ్చే నెల మళ్ళీ పరీక్ష. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా?"

జవాబు:

ముందుగా ఒక మాట. మీరు రాసినది చదివితే ఇవి మూడు తప్పుల్లా కనిపిస్తున్నాయి. నా అంచనా ప్రకారం అవి రెండే. జూలియెన్, బ్రున్వాజ్‌లలో జరిగింది ఒకే తప్పు, అది మీరు క్యారెట్ నుంచి మొదటి పలక కోసినప్పుడే జరిగిపోయింది. షిఫనాడ్ సంగతి వేరు. కత్తి పదును, చేతి కదలిక, ఆకు ఉన్న తీరు కలిస్తే వచ్చిన సమస్య అది. చాలా ఏళ్ళు వంటగదిలో పనిచేసి, తర్వాత ప్రాక్టికల్స్ దిద్దే వైపు కూర్చున్నాను కాబట్టి ట్రే అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో కూడా చెబుతాను.

కొలతల గురించి ఒక గందరగోళం ఉంది, దాన్ని ముందే తీర్చేసుకోండి. అమెరికన్ పద్ధతి పాఠ్యపుస్తకాల్లో జూలియెన్ అంటే ఎనిమిదో వంతు అంగుళం, అంటే సుమారు 3 మి.మీ. మందం, 3 మి.మీ. వెడల్పు, దాదాపు 5 సెం.మీ. పొడవున్న పుల్ల. దాన్నే అడ్డంగా 3 మి.మీ. చొప్పున చిన్న ఘనాలుగా కోస్తే బ్రున్వాజ్. ఫైన్ జూలియెన్, ఫైన్ బ్రున్వాజ్ అంటే అందులో సగం, 1.5 మి.మీ. ఫ్రెంచ్ పద్ధతి నేర్పే చోట మామూలు జూలియెన్‌నే 1 నుంచి 2 మి.మీ. మధ్యలో కోయమంటారు. అంటే ఒక చోట "ఫైన్" అనేది ఇంకో చోట మామూలు కట్ అవుతుంది. అందుకే పేరును బట్టి కాకుండా, మీ ప్రశ్నపత్రంలోనో మార్కుల షీట్‌లోనో ఉన్న అంకెను బట్టి కోయాలి. అంకె ఇవ్వకపోతే పరీక్ష మొదలవకముందే అడగండి. మీరు 3 మి.మీ. అన్నారు కాబట్టి ఇక్కడ ఆ లెక్కలోనే మాట్లాడతాను.

ఇప్పుడు అసలు విషయం. జూలియెన్ పుల్లకు రెండు కొలతలు ఉంటాయి, మందం, వెడల్పు. మందం మొదటి కోతలో, అంటే దిమ్మ నుంచి పలక తీసినప్పుడు వస్తుంది. వెడల్పు రెండో కోతలో, పలకలను పడుకోబెట్టి పుల్లలుగా కోసినప్పుడు వస్తుంది. బ్రున్వాజ్‌కు మూడో కోత ఉంది. మొదటి కోతలో వచ్చిన తేడాను రెండో కోత గానీ మూడో కోత గానీ సరిచేయలేవు, దాన్ని మోసుకుంటూ పోతాయి. మూడు కోతలూ 3 బదులు 3.5 మి.మీ. వచ్చాయనుకోండి. వినడానికి అర మిల్లీమీటరే. కానీ ముక్క పరిమాణం 27 ఘన మిల్లీమీటర్ల నుంచి దాదాపు 43కు వెళ్తుంది, అంటే ఒకటిన్నర రెట్ల పైన. 4 మి.మీ. వస్తే రెండు రెట్లు దాటిపోతుంది. జూలియెన్‌లో కంటికి ఆనని తేడా బ్రున్వాజ్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేది ఇందుకే. మీకు "ఇంకా ఘోరం" అని చెప్పారంటే బ్రున్వాజ్‌కు మీరు కొత్త తప్పేమీ చేసి ఉండకపోవచ్చు, పాత తప్పే పెరిగి ఉంటుంది.

"3 మిల్లీమీటర్లే అనుకున్నాను" అన్నారు. ఒక్క పుల్ల పక్కన స్కేలు పెట్టి 3 మి.మీ.నూ 3.5 మి.మీ.నూ వేరుచేయడం ఎవరికైనా కష్టం. దానికి సులువైన పద్ధతి ఉంది. మీరు కోసిన కుప్పలోంచి చూడకుండా పది పుల్లలు తీయండి. బోర్డు మీద సందు లేకుండా పక్కపక్కన పేర్చి, వాటి మొత్తం వెడల్పు స్టీలు స్కేలుతో కొలవండి. 30 మి.మీ. రావాలి. 34 వస్తే సగటున 3.4 కోస్తున్నారు. ఇప్పుడు ఆ పదింటినీ ఒక్కొక్కటిగా పావు మలుపు తిప్పి, పక్కకు ఉన్న ముఖం పైకి వచ్చేలా పెట్టి మళ్ళీ కొలవండి. ఈ రెండో కొలతను ఎవరూ పట్టించుకోరు, కానీ తప్పు ఏ కోతలో ఉందో చెప్పేది ఇదే.

ఒక విద్యార్థిని సంగతి చెబుతాను. ఆమె పుల్లలు ట్రేలో చూడటానికి చక్కగా, బారుగా ఉన్నాయి. పది పేర్చి కొలిస్తే 31 మి.మీ. వచ్చింది. ఆమె ముఖం విప్పారింది. తిప్పి పెట్టి కొలిస్తే 38. అంటే ఆమె పుల్ల చతురస్రం కాదు, ఒకవైపు 3.1, ఇంకోవైపు 3.8 ఉన్న చిన్న బద్ద. రెండో కోతలో ఆమె చెయ్యి బాగానే ఉంది. తప్పంతా పలకలో ఉంది. ఆమె పలక తీస్తుంటే పక్కన నిలబడి చూశాను. దిమ్మ రెండు సెంటీమీటర్ల పైన ఎత్తు. అంత లోతు కత్తి దిగాలంటే పలచటి పలక మధ్యలో విరుగుతుందేమోనని చెయ్యి దానంతట అదే కాస్త వెనక్కి జరుగుతోంది. పడుకోబెట్టిన పలకలను కోసేటప్పుడు ఎత్తు ఆరేడు మిల్లీమీటర్లే కాబట్టి ఆ భయం లేదు. అందుకే రెండో కోతలో వచ్చే వెడల్పు ఒక్కటే బాగా వచ్చింది. ఆమెకు నేను చెప్పింది ఒకటే: వారం రోజులు జూలియెన్ వద్దు, పలకలు మాత్రమే కోయి. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చితే 30 మి.మీ. రావాలి. అది కుదిరాక పుల్లలు వాటంతట అవే చతురస్రంగా వచ్చాయి.

మీరు కూడా అదే చేయండి. పలక తీసే తీరును కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మార్కులు పోయేది ఇక్కడే.

క్యారెట్ చెక్కు తీసి, రెండు చివరలు తీసేసి, స్కేలు పెట్టి 5 సెం.మీ. ముక్కలుగా కోయండి. లావుగా, పైనుంచి కిందికి ఎక్కువగా సన్నబడని క్యారెట్ ఎంచుకోండి. బాగా సన్నబడే క్యారెట్ అయితే 5 సెం.మీ. ముక్కకు ఒక చివర 30 మి.మీ., ఇంకో చివర 22 ఉంటుంది, సగం ట్రిమ్మింగ్స్‌లోకే పోతుంది. ముక్కకు ఒక పక్క పలచగా చెక్కి, ఆ చదును మీద బోర్డుకు ఆనించండి. గుండ్రంగా దొర్లే ముక్కను కోస్తే ఏ కొలతా నిలవదు.

కత్తి పట్టుకునేది పిడి దగ్గర మాత్రమే కాదు. బొటనవేలు, చూపుడువేలు బ్లేడు మొదలును రెండు పక్కల నుంచి నొక్కి పట్టుకోవాలి. ఎడమచేతి వేళ్ళు లోపలికి ముడిచి, మధ్యవేలు కణుపు బ్లేడు పక్కను తాకుతూ ఉండాలి. పలక మందాన్ని నిర్ణయించేది ఆ కణుపే. చాలామంది కత్తిని జరుపుతారు. కత్తి ఎప్పుడూ కణుపుకు ఆనుకునే ఉండాలి, జరగాల్సింది కణుపు, అది కూడా ఒక్కోసారి 3 మి.మీ. వెనక్కి. తల కత్తి వీపు మీదికి సరిగ్గా రావాలి. పక్క నుంచి చూస్తే బ్లేడు మందం కింద పలక కొంత దాక్కుంటుంది, లెక్క తప్పుతుంది.

కోతను కిందికి నొక్కకండి. ముందుకు తోస్తూ దించండి. క్యారెట్ గట్టి దుంప కాబట్టి నొక్కితే బ్లేడు చీల్చుకుంటూ పోతుంది. కోత చివర్లో టక్కుమని పగిలిన శబ్దం వస్తే, పలక కింది అంచు గరుకుగా చిట్లి ఉంటే, అది కోత కాదు, చీలిక. బ్లేడు వెనుక భాగం మందంగా ఉన్న బరువైన కత్తితో ఇది ఎక్కువగా జరుగుతుంది. పదునున్న పలచటి బ్లేడు అయితే శబ్దం లేకుండా దిగుతుంది.

కత్తి పక్కకు వాలడం మరో సమస్య. ఒక్కసారి వాలితే ఆ పలక పైన 3, కింద 4 మి.మీ. వస్తుంది. అంతటితో పోతే బాగుండేది. కానీ ఇప్పుడు మిగిలిన దిమ్మ ముఖం కూడా వాలిపోయింది. తర్వాతి పలకకు మీరు జాగ్రత్తపడి కత్తిని నిటారుగా దించితే ఆ పలక పైన మందంగా, కింద పలచగా వస్తుంది. అంటే సరిగ్గా కోసినా తప్పే వస్తుంది. అందుకని రెండు మూడు పలకలకు ఒకసారి ఆగి, దిమ్మ ముఖం బోర్డుకు నిలువుగా ఉందో లేదో చూడండి. స్కేలు నిలబెట్టి ఆనిస్తే వెంటనే తెలుస్తుంది. వాలి ఉంటే ఒక పలచటి చెక్కు తీసి ముఖాన్ని సరిచేసి ముందుకు వెళ్ళండి. ఆ ఒక్క చెక్కు వృథా అవుతుందని వదిలేస్తే పది పుల్లలు వృథా అవుతాయి. ఎప్పుడూ ఒకేవైపు వాలుతుంటే నిలబడే తీరు చూసుకోండి. మోచెయ్యి ఒంటికి దూరంగా వెళ్ళినప్పుడు మణికట్టు తిరిగిపోతుంది. కుడి కాలు అరడుగు వెనక్కి పెట్టి కొంచెం పక్కకు తిరిగి నిలబడితే చెయ్యి, కత్తి ఒకే గీతలోకి వస్తాయి.

దిమ్మ చివర 5, 6 మి.మీ. మిగిలినప్పుడు దాన్ని నిలబెట్టి కోయాలని చూడకండి. వేళ్ళు పట్టుకోవడానికి చోటుండదు, అది పక్కకు పడిపోతుంది. ఆ ముక్కను ట్రిమ్మింగ్స్‌లో పెట్టేయడమే మంచిది.

ఇక నాలుగు పక్కలా చెక్కి దిమ్మను చతురస్రం చేయాలా, ఒక పక్క చదును చేస్తే చాలా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. 30 మి.మీ. వ్యాసం ఉన్న, 5 సెం.మీ. పొడవున్న ముక్కతో లెక్క చూద్దాం. దాని బరువు 36 గ్రాముల చుట్టూ ఉంటుంది. నాలుగు పక్కలా చెక్కితే లోపల 21 మి.మీ. చతురస్రం పడుతుంది. ఏడు పలకలు, ఒక్కో పలకకు ఏడు పుల్లలు, మొత్తం 49 పుల్లలు. పుల్ల ఒక్కటి అర గ్రాముకు కొంచెం తక్కువ, కాబట్టి 49కి 22, 23 గ్రాములు. అంటే 50 గ్రాములకు రెండు ముక్కలు చాలవు, మూడోది కావాలి. క్యారెట్‌లో మూడో వంతు పైన చెక్కుల్లోకి పోయింది.

అదే ముక్కను కింద ఒక్క పక్క మాత్రమే చదును చేసి, ఇంకో పక్క నిలువు ముఖం వచ్చేంత చెక్కి పలకలు తీస్తే, మధ్య పలకలు వెడల్పుగా వస్తాయి. ఒక్కో పలక గుండ్రటి అంచులను పుల్లలు కోసేటప్పుడు తీసేస్తారు. మధ్య పలకల్లో తొమ్మిదేసి పుల్లలు వస్తాయి. ఇలా చేస్తే కాగితం మీద 60 దాకా వస్తాయి, చేతిలో కొంచెం తగ్గినా రెండు ముక్కల్లో 50 గ్రాములు దాటే అవకాశం ఉంది. కానీ పలకల వెడల్పు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటుంది, పేర్చి కోసేటప్పుడు వెడల్పు కలిసే పలకలనే జత చేసుకోవాలి. నా అభిప్రాయం ఇది: మార్కుల షీట్‌లో స్క్వేరింగ్ ఒక మెట్టుగా ఉంటే నాలుగు పక్కలా చెక్కండి, దానికి మార్కులుంటాయి. అలా లేకుండా వృథాను తూకం వేసి చూస్తారని తెలిస్తే ఒక పక్క చదును పద్ధతి మేలు. ఏ పద్ధతిలోనైనా చెక్కులను చెత్తబుట్టలో వేయకండి. తొక్క వేరు, వాడదగిన ట్రిమ్మింగ్స్ వేరు. స్టాక్‌కో సూప్‌కో పనికొచ్చేవి వేరే గిన్నెలో శుభ్రంగా పెట్టి చూపించండి. గిన్నెలో ఉన్నదాన్ని నేను వృథాగా లెక్కపెట్టను, బుట్టలో ఉన్నదాన్ని లెక్కపెడతాను.

పుల్లలు కోసేటప్పుడు రెండు, ఎక్కువలో ఎక్కువ మూడు పలకలే పేర్చండి. క్యారెట్ పలకలు తడిగా ఉంటాయి, నాలుగు పేర్చితే పైవి జారతాయి, కింది పుల్ల 3, పై పుల్ల 4 అవుతుంది. పేర్చే ముందు పలకలను టిష్యూతో ఒకసారి అద్దితే జారడం తగ్గుతుంది.

బ్రున్వాజ్‌కు పది పన్నెండు పుల్లలు ఒక కట్టగా పట్టుకుని, ఒక చివర కత్తి పక్కకు మెల్లగా తట్టి సమం చేయండి. అక్కడి నుంచి కణుపు 3 మి.మీ. చొప్పున వెనక్కి. 50 మి.మీ. పుల్లకు 16 ముక్కలు వచ్చి చివర 2 మి.మీ. తునక మిగులుతుంది. దాన్ని ట్రేలో కలపకండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ట్రేలో పొట్టి ముక్కలు కనిపించడానికి పెద్ద కారణం ఇదే. మొత్తం కోసేశాక కుప్ప మీద కత్తిని అటూ ఇటూ ఆడించి ఇంకాస్త సన్నం చేద్దామన్న ఆలోచన రానివ్వకండి. అలా ఆడించిన మరుక్షణం అది బ్రున్వాజ్ కాదు, తరుగు. మూలలు విరిగిన, త్రికోణంగా ఉన్న ముక్కలు చూడగానే ఆ పని జరిగిందని మాకు తెలిసిపోతుంది.

ఎగ్జామినర్ ట్రే చూసేది పైనుంచి కాదు. నేను వేలితో కుప్పను కొంచెం పక్కకు జరిపి, మధ్యలోంచి, అడుగునుంచి తీస్తాను. బాగున్నవి పైన అమరుస్తారని అందరికీ తెలుసు. అందుకని అడుగున దాచే బదులు, సరిగ్గా రానివాటిని మీరే ఏరి ట్రిమ్మింగ్స్‌లో పెట్టండి. 50 గ్రాములు అడిగితే 58, 60 కోసి ఏరుకోవడానికి వీలు ఉంచుకోండి. అంతకంటే ఎక్కువ కోసి ఏరితే టైమూ పోతుంది, వృథా మార్కూ పోతుంది. ట్రేలో 3.3 మి.మీ. ముక్కలు అన్నీ ఒకేలా ఉంటే నేను కొంచెమే తగ్గిస్తాను. సగం 2.5, సగం 3.8 ఉంటే సగటు లెక్కకు సరిగ్గా వచ్చినా ఎక్కువ తగ్గిస్తాను. ఇలా కలగలిసిన ముక్కలను వేడి చేస్తే చిన్నవి మెత్తబడేసరికి పెద్దవి పచ్చిగా ఉంటాయి. ఒకే కొలత కావాలని పట్టుబట్టడానికి కారణం అదే, అందం తర్వాత.

ఇక షిఫనాడ్. ఆ మాట ఫ్రెంచ్‌లో గుడ్డపేలికకు వాడే షిఫోన్ అనే పదం నుంచి వచ్చింది. ఆకుల్ని సన్నటి రిబ్బన్లుగా కోయడం. దీనికి జూలియెన్‌లా ఒకే కచ్చితమైన అంకె ఉండదు. పత్రంలో ఇవ్వకపోతే 2 మి.మీ. చుట్టూ, అన్నీ ఒకే వెడల్పుగా కోస్తే సరిపోతుంది. రిబ్బన్ పొడవు ఆకును బట్టి మారుతుంది, దానికి మార్కులు తగ్గించరు.

మీ ఆకు నల్లబడింది ఎందుకంటే, ఆకు కణాల్లో పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పనిచేసే పదార్థాలు కణంలోనే వేరే అరలో ఉంటాయి. కణం నలిగి రెండూ కలిసి, గాలి తగిలితే ముదురు రంగు వస్తుంది. పదునైన కత్తి కోతగీత దగ్గరున్న కణాలను మాత్రమే తెంపుతుంది. మొద్దుకత్తి పక్కనున్న కణాలను కూడా నలిపేస్తుంది. బేసిల్‌లో ఇది చాలా త్వరగా తెలుస్తుంది. అంచు ఒక సన్నటి గీతలా నల్లబడితే కత్తి మొద్దు, లేదా మీరు కోయకుండా నొక్కారు. రిబ్బన్ మధ్యలో మచ్చల్లా నల్లబడితే చుట్టినప్పుడు వేళ్ళతో గట్టిగా పిండారు. ఆకు ఆకంతా కోయకముందే నల్లగా ఉంటే చలి తగిలింది. బేసిల్ ఆకులు ఫ్రిజ్ చలికి తట్టుకోవు, మంచునీళ్ళలో వేస్తే ఇంకా పాడవుతాయి. కోసేదాకా వాటిని గది వేడిలోనే, టిష్యూ కప్పి ఉంచండి.

మీ విషయంలో ఇంకో అనుమానం ఉంది. మీరు షిఫనాడ్ ఎప్పుడు కోశారు? రంగు నిలవాలని చివరికి ఉంచుకోవడం సరైనదే. కానీ అప్పటికి అదే కత్తితో వంద గ్రాముల పైన గట్టి క్యారెట్ కోసి ఉంటారు. అంచు కొంత వంగిపోయి ఉంటుంది. క్యారెట్ అయ్యాక కత్తి కడిగి, తుడిచి, అంచును సరిచేసే స్టీల్ కడ్డీ మీద రెండు పక్కలా నాలుగైదు సార్లు మెల్లగా రాసి, మళ్ళీ తుడిచి అప్పుడు ఆకు మీద పెట్టండి. బోర్డు కూడా తుడవండి, తడిబోర్డు మీద ఆకు అంటుకుంటుంది, విడదీయబోతే నలుగుతుంది.

కడిగిన ఆకులను పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే రిబ్బన్లు ఒకదానికొకటి అతుక్కుని తాళ్ళలా ముద్దకడతాయి. లావు ఈనె ఉంటే ముందే తీసేయండి, లేత ఆకుకు అక్కర్లేదు. పెద్ద ఆకు అడుగున పెట్టి ఐదారు ఆకులు పేర్చి, ఈనెకు సమాంతరంగా, కదలకుండా ఉండేంత బిగువుతో మాత్రమే చుట్టండి. ఎడమచేతి కణుపు పద్ధతి ఇక్కడా అదే, కానీ వేళ్ళు చుట్ట మీద ఆనాలి, నొక్కకూడదు. కత్తి మడమ దగ్గర మొదలుపెట్టి కొన వైపు ఒకే లాగుడుగా, లేదా ముందుకు ఒకే తోపుగా. ఒక్క రిబ్బన్‌కు ఒక్క కదలిక. కోసిన వాటి మీద మళ్ళీ కత్తి పెట్టొద్దు. విడదీయడానికి వేళ్ళతో కెలకకుండా, కొన్ని కొన్ని ఎత్తి ట్రేలోకి వదిలితే వాటంతట అవే విచ్చుకుంటాయి.

నెల రోజులకు ఇలా అనుకోండి. మొదటి వారం పలకలు మాత్రమే, రోజుకు ఒక ముక్క, పది పేర్చి కొలత రాసుకోండి. రెండో వారం పుల్లలు, రెండు వైపులా కొలత. మూడో వారం బ్రున్వాజ్ మొదలుపెట్టండి, కానీ పుల్లల కొలత 29కీ 31కీ మధ్య రెండు వైపులా వచ్చిన రోజే. రాని రోజు పుల్లల దగ్గరే ఆగండి. నాలుగో వారం మొత్తం పరీక్ష వరసలో, గడియారం పెట్టుకుని చేయండి. చిన్న ముక్కలు ఆరిపోతే అంచులు తెల్లబడి మూలలు ముడుచుకుంటాయి, కాబట్టి కోయగానే తడిపి పిండిన టిష్యూ కప్పండి. పరీక్ష రోజు మొట్టమొదట స్కేలు పెట్టి సరిచూసిన ఒక్క పుల్లను బోర్డు మూలన నమూనాగా ఉంచుకోండి. ప్రతి రెండు పలకలకు ఒకసారి దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. అరగంట దాటితే అది ఆరి సన్నబడుతుంది, అప్పుడు కొత్తది కోసి పాతదాన్ని తీసేయండి.

మీరు కోసిన పది పుల్లలు రెండు వైపులా కొలిచి ఆ రెండు అంకెలు ఇక్కడ రాయండి. మీది పలక తప్పా, పుల్ల తప్పా అన్నది నేను ఊహించి చెప్పడం కంటే అవే కచ్చితంగా చెబుతాయి.